హాయ్ అని టైప్ చేసే బదులు వాయిస్ పెడితే, ఏ గొంతుతో పెట్టాలి?

ప్రశ్న: మాది నల్గొండ దగ్గర పల్లె. పదో తరగతి దాకా కలిసి చదివిన దోస్తు ఒకడు ఉన్నడు. వాళ్లకు తోట ఉండేది కాబట్టి వాణ్ని బత్తాయి అని పిలిచేటోళ్లం. తోట ఎండిపోయినంక వాడు భీవండి మరమగ్గాల కార్ఖానాకు పోయిండు. మధ్యలో గొడవేం లేదు గాని ఆరేడేళ్ల నుంచి మాటల్లేవు. నేను నెలకోసారి హాయ్ అని పెడతా, వాడు దండం బొమ్మ పెడతడు, అంతే. ఈసారి వాయిస్ పెడదామని నాలుగైదుసార్లు రికార్డ్ చేసి డిలీట్ చేసిన. ఒకసారి వార్తలు చదివినట్టు ఉంది, ఒకసారి అప్పు అడిగినట్టు ఉంది. ఏ టోన్‌లో మాట్లాడాలె? మా మేనమామకు కూడా ఇట్లనే పెట్టొచ్చా?

జవాబు:

అప్పు అడిగినట్టుందని మీ చెవికే తెలిసిందంటే సగం పని అయిపోయినట్టే. చాలామందికి ఆ సంగతి అవతలివాళ్లు చెబితే గానీ తెలియదు. నాకూ అలాగే తెలిసింది.

నేను తొమ్మిదేళ్లు ఒక లోకల్ కేబుల్ ఛానల్‌లో వార్తలు చదివాను. తర్వాత మహిళా సంఘాల మీటింగు కబుర్లు వాట్సాప్‌లో గొంతుతో పెట్టే పనిలోకి వచ్చాను. మొదటి రెండు నెలలు బాగానే చేస్తున్నాననుకున్నా. ఒకరోజు సంఘం అక్క ఒకామె కూరగాయల మార్కెట్లో ఎదురుపడి, "ఏం మేడమ్, మా మీద కోపమొచ్చిందా? గట్ల మాట్లాడుతున్నరు" అంది. ఇంటికెళ్లి నా పాత వాయిస్‌లన్నీ విన్నాను. మాటల్లో ఎక్కడా కోపం లేదు. కానీ ప్రతి వాక్యం చివర గొంతును కిందికి దించి, తలుపు మూసినట్టు ఆపుతున్నాను. వార్తలకు అది కావాలి, ఒక వార్త అయిపోయిందని వినేవాళ్లకు తెలియాలి. మనుషులను పలకరించేటప్పుడు అదే విరుపు "ఇక నువ్వు మాట్లాడకు" అన్నట్టు వినిపిస్తుంది. మీ "వార్తలు చదివినట్టు" రికార్డింగు రోగం కూడా ఇదేనని నా అనుమానం.

అప్పు అడిగినట్టుండటానికి కారణం వేరు. అసలు విషయం అక్కడే ఉంది కాబట్టి దాని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

టైప్ చేసిన హాయ్ కంటికి కనబడుతుంది. చూడగానే అందులో ఏమీ లేదని తెలిసిపోతుంది, అందుకే వాడు దండం పెట్టి వదిలేస్తున్నాడు. వాయిస్ అలా కాదు, మూసిన డబ్బా. మైకు బొమ్మ, పక్కన ఇన్ని సెకన్లని అంకె, అంతే. లోపల ఏముందో విప్పితేగాని తెలియదు. ఏళ్ల తరబడి మాట్లాడని మనిషి దగ్గర్నుంచి, అదీ సొంతూరి నుంచి, ఉన్నట్టుండి గొంతు వచ్చిందంటే మనవాళ్లకు ముందు తట్టేది చావు కబురు. తర్వాత డబ్బు. తర్వాత పెళ్లి. మీ దోస్తు భీవండిలో ఆ బొమ్మ చూసి ఊళ్లో అమ్మానాన్నలకు ఏమైందోనని గుండె పట్టుకుని నొక్కుతాడు. అలా నొక్కినవాడికి మీరు "హలో... నమస్తే... ఎలా ఉన్నావు... చాలా రోజులైంది..." అని నెమ్మదిగా మొదలుపెడితే, ఆ నెమ్మదితనమంతా వాడి చెవికి చెడ్డ కబురు ముందు నసుగుడులా ఉంటుంది. చివరికి చెడ్డ కబురేమీ రాకపోతే, అయితే డబ్బే అనుకుంటాడు.

కాబట్టి టోన్ సంగతి తేలేది మొదటి మూడు సెకన్లలోనే. ఆ మూడు సెకన్లలో రెండు సంగతులు వాడికి తెలియాలి. ఎవరికీ ఏమీ కాలేదు, నీతో నాకు పనేమీ లేదు. మన దగ్గర ఈ రెండూ కలిపి చెప్పే మాట ఒకటుంది: "ఊకనే". దీన్ని గబుక్కున, ఊపిరి వదులుతూ, పెద్దగా పట్టించుకోనట్టు అనాలి. ఒత్తి పలికితే పని చెడుతుంది. "ఊ...కనే చేసిన" అని సాగదీస్తే వెనక ఏదో పని ఉన్నట్టే. సాగదీసి "ఊకనే" అన్నవాడిని మన ఊళ్లో ఎవరూ నమ్మరు, మీకూ తెలుసు.

పిలుపు కూడా అంతే. "అన్నా" అని పొట్టిగా, కొంచెం పైకి అంటే పలకరింపు. "అన్నా..." అని సాగితే చెయ్యి చాచినట్టు. దోస్తును "ఒరేయ్" అన్నా "ఏం రా" అన్నా అదే లెక్క: పొట్టిగా, పైకి.

ఇక ప్రశ్న తోక. మన తెలుగులో అవునా కాదా అని అడిగే ప్రశ్నంతా చివరి "ఆ"లో ఉంటుంది. "మంచిగున్నవ్" అంటే చెప్పడం, "మంచిగున్నవా" అంటే అడగడం. ఆ ఒక్క అచ్చును ఎలా పలుకుతారన్న దాన్ని బట్టి మూడు వేర్వేరు మాటలవుతాయి. ఫోన్ పక్కన పెట్టి ఇప్పుడే ఒకసారి అని చూడండి. చివరి "వా"ను కాస్త పైకి లేపి టక్కున వదిలేస్తే నిజంగా అడిగినట్టు. అదే "వా"ను కిందికి నొక్కితే "నువ్వు మంచిగనే ఉన్నవ్‌లే, మేమే యాదికి లేము" అనే దెప్పుడు. కిందికి దించి సాగదీస్తే పరామర్శ, దశదినాల ఇంటికి వెళ్లినప్పుడు అడిగినట్టు. ఏళ్ల తర్వాత మాట్లాడేవాళ్లు తమకు తెలియకుండానే రెండోదాంట్లోనో మూడోదాంట్లోనో పడతారు, ఎందుకంటే లోపల కాస్త నొచ్చుకుని ఉంటారు. మీరు నెలనెలా హాయ్ పెట్టి దండం బొమ్మలు తీసుకున్న మనిషి, మీ గొంతులో ఆ నొప్పి లేకుండా ఉండదు. ముందు దాన్ని పట్టుకోండి.

మీరు చెరిపేసినవి నేను వినలేదు గానీ ఇలాంటివి చాలా విన్నాను. దాదాపు ఇలా ఉంటాయి:

"హలో, నమస్తే రా... నేను మాట్లాడుతున్నాను... ఎలా ఉన్నావు? చాలా రోజులైంది. అసలు మేము గుర్తున్నామా? ఫోన్ లేదు, ఏం లేదు. సరే, వీలైతే ఒకసారి కాల్ చెయ్యి, మాట్లాడాలి."

ఇందులో నాకు అన్నిటికన్నా భయమేసేది చివరి మాట. "కాల్ చెయ్యి, మాట్లాడాలి" అని విన్నవాడు పది నిమిషాలు స్థిమితంగా కూర్చోలేడు. "గుర్తున్నామా" అనేది నవ్వుతూ అన్నా దెప్పుడే. "నేను మాట్లాడుతున్నాను" అక్కర్లేదు, పేరు ఫోన్ మీద కనబడుతూనే ఉంటుంది. ఇంకోటి, మీరు మైకు నొక్కగానే "ఎలా ఉన్నావు"లోకి వెళ్లిపోతారు. బడి వెనక గోడ మీద కూర్చుని మీరిద్దరూ ఏనాడైనా "ఎలా ఉన్నావు" అనుకున్నారా? "ఎట్లున్నవ్" అనే మనిషి ఒక్కసారిగా పుస్తకం భాషలోకి మారితే, ఎంత తియ్యగా మాట్లాడినా కుర్చీ వేసి దూరంగా కూర్చోబెట్టినట్టు ఉంటుంది.

మీ చోట నేనుంటే ఇలా అంటాను:

"ఏం రా బత్తాయీ! ఊకనే చేసిన రా, పనేం లేదు. ఇయ్యాల మన బడి ముందట్నుంచి వస్తుంటే ఇద్దరు పిల్లలు నీ లెక్కనే గోడ దుంకుతుండ్రు. నవ్వొచ్చింది, నువ్వు యాదికొచ్చినవ్. మంచిగున్నవా? తీరినప్పుడు విను. ఉంట రా."

మామూలు వేగంతో చదివితే పదిహేను నుంచి ఇరవై సెకన్లు వస్తుంది. అంతకు మించొద్దు. అంకె నిమిషం దాటి కనబడిందంటే "తర్వాత విందాం" అని పక్కన పెడతాడు. వాడే కాదు, నేనైనా అంతే.

"బత్తాయీ"తో గొంతు పైకి లేవాలి, చివర ఈకారం పొట్టిగా తెగాలి. "ఊకనే... పనేం లేదు" గబగబా వెళ్లిపోవాలి. గోడ దుంకే పిల్లల దగ్గర వేగం తగ్గించండి, ఎందుకంటే వాడు చూడాల్సిన బొమ్మ అదే. అక్కడ నవ్వు రాకపోతే తెచ్చిపెట్టుకోవద్దు. కానీ పెదాలు మాత్రం నవ్వుతున్నట్టు పక్కలకు సాగనివ్వండి. పెదాలు సాగితే నోటి దారి కాస్త పొట్టిదై గొంతు తేలికపడుతుంది, చూడకుండానే వినేవాళ్లకు అది నవ్వు ముఖమని తెలిసిపోతుంది. "మంచిగున్నవా" పైన చెప్పినట్టు లేపి వదిలేయండి. "ఉంట రా" ఒక్కచోట మాత్రం గొంతు కిందికి దిగొచ్చు, దిగాలి కూడా. అది "జవాబు చెప్పాల్సిన పని లేదు, నేను పోతున్న" అని చెప్పే దించుడు. గడప దగ్గర నిలబడి, చెప్పులు విప్పకుండా, "దారెంట పోతూ తొంగి చూసిన" అన్నట్టుండాలి మొత్తం మీద. లోపలికొచ్చి కూర్చున్న గొంతు వద్దు, చెలక అవతల నుంచి కేకేసిన గొంతూ వద్దు.

గోడ దుంకే పిల్లలు నా కల్పన. మీరు ఆ రోజు నిజంగా చూసినదేదో అక్కడ పెట్టండి. లేనిది చెబితే గొంతు దాని దగ్గర తడబడుతుంది, పాత దోస్తు పట్టేస్తాడు.

బత్తాయి అనే పేరు గురించి కాసేపు ఆలోచించాను. తోట ఎండిపోయి ఊరు విడిచిన మనిషిని ఆ పేరుతో పిలవొచ్చా? మన జిల్లాలో బోర్లు ఎండి, ఏళ్లు పెంచిన బత్తాయి చెట్లు నరికి కట్టెలకు అమ్ముకున్న ఇళ్లు నాకు తెలుసు, ఆ నొప్పి చిన్నది కాదు. కానీ ఆ పేరు తోటది కాదు, మీ బడిది. పిలవండి. తోట ఊసు మాత్రం ఎత్తొద్దు, "తోటెట్లుంది" అని అసలే అనొద్దు. వాడి నుంచి తిరుగు వాయిస్‌లో ఆ పేరుకు నవ్వు రాకపోతే రెండోసారి మామూలు పేరుతో పిలవండి.

తోట ఊసు వద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. వాట్సాప్ వాయిస్ నొక్కగానే స్పీకర్‌లో మోగుతుంది, ఫోన్ చెవికి ఆనిస్తే తప్ప. వాడు ఉండేది బహుశా నలుగురైదుగురు కలిసి ఉండే గదిలో. మీ మాట వాడొక్కడి కోసమే అనుకోవద్దు. అప్పులు, ఇంటి గొడవలు, పెళ్లి సంబంధాలు, ఇవేవీ పలకరింపు వాయిస్‌లో రాకూడదు.

రికార్డింగు గురించి రెండు మాటలే చెబుతాను. "ఏం రా" కాగానే "బ" వస్తుంది. బ, ప, భ అనేటప్పుడు నోట్లోంచి గాలి దెబ్బలా బయటికొస్తుంది, ఫోన్ మైకు నోటికి ఎదురుగా ఉంటే "ఢబ్" అని కొడుతుంది. ఫోన్‌ను గడ్డం కిందికి, కాస్త పక్కకు, జానెడు దూరంలో పట్టుకోండి. అడుగున ఉండే మైకు రంధ్రానికి వేలు అడ్డం రాకూడదు. నొక్కిన వెంటనే మాట్లాడొద్దు, ఒక్క క్షణం ఆగండి, లేకపోతే "ఏం రా" తెగి "రా బత్తాయీ" అని వెళుతుంది. బైకు మీద నుంచి, ఫ్యాన్ కింద నుంచి వద్దు. మైకు బొమ్మను నొక్కి పైకి తోస్తే లాక్ అవుతుంది, అప్పుడు పంపేముందే ఒకసారి వినొచ్చు.

అలా విన్నప్పుడు మీ గొంతు మీకే సన్నగా, పరాయిగా అనిపిస్తుంది. నాలుగైదుసార్లు డిలీట్ చేయడానికి అదీ ఒక కారణమై ఉంటుంది. మన గొంతు మనకు రోజూ బయటి గాలితోపాటు తలలోని ఎముకల గుండా కూడా వినిపిస్తుంది, అందుకే మనకు గంభీరంగా ఉంటుంది. ఫోన్‌లో ఎముక దారి ఉండదు. మీ దోస్తుకు తెలిసిన మీ గొంతు ఆ సన్నటిదే. కాబట్టి గొంతు బాగుందా అని వినొద్దు. చివరి "వా" లేచిందా, "ఊకనే" సాగిందా, ఈ రెండే వినండి. రెండుసార్లు రికార్డ్ చేయండి, మూడోసారి చేయొద్దు. మూడోసారి నుంచి పాఠం అప్పజెప్పినట్టు అవుతుంది.

మరీ వేగంగా కూడా మాట్లాడొద్దు. వాట్సాప్‌లో వాయిస్‌ను ఒకటిన్నర రెట్లు, రెండు రెట్ల వేగంతో వినే వీలుంది, కొందరు అన్నీ అలాగే వింటారు. మీరు గబగబా మాట్లాడింది వాళ్లకు గింజలు పోసినట్టు చేరుతుంది.

వేళ గురించి. భీవండి మరమగ్గాల్లో పన్నెండేసి గంటల షిఫ్టులు మామూలు. కార్ఖానా లోపల పక్కమనిషి మాటే వినబడదు. పొద్దున ఆరింటికి, రాత్రి పదకొండింటికి పెట్టొద్దు, ఆ వేళల్లో ఊరి నుంచి గొంతు వస్తే చావు కబురే గుర్తొస్తుంది. పగలు నడిమధ్యలోనో సాయంత్రం దీపాలు పెట్టే వేళకో పెట్టండి. వాడికి తీరినప్పుడు వింటాడు.

ఇక్కడ చాలామంది పొరపడతారు. నీలం టిక్కులు పడ్డాయంటే వాడు విన్నాడని కాదు, చాట్ తెరిచాడని. విన్నప్పుడు మైకు బొమ్మ నీలంగా మారుతుంది. ఈ రెండోది సెట్టింగుల్లో ఆపడానికి ఉండదు, టిక్కులు ఆపేసుకున్నవాళ్లకు కూడా. కాబట్టి టిక్కులు నీలం, మైకు మామూలు రంగులో ఉంటే వాడు మిమ్మల్ని తోసిపుచ్చినట్టు కాదు, చప్పుడులో ఉండి వినలేదు. "విన్నవా?" అని అడగొద్దు. దాని కింద ఇంకో వాయిస్ పెట్టడమూ వద్దు, వరసగా రెండుంటే ఒకటయ్యాక ఒకటి దానంతటదే మోగుతుంది, మీ పొట్టి పలకరింపు కాస్తా ఉపన్యాసమవుతుంది.

ఇక మామయ్య. దోస్తుకు పెట్టిన గొంతు ఆయనకు పనికిరాదు. నన్నడిగితే మేనమామకు వాయిస్ కన్నా ఫోనే మేలు. పెద్దవాళ్లకు, చెప్పేసి వెళ్లిపోయే వాయిస్ ఒక్కోసారి ఆర్డరు వేసినట్టు ఉంటుంది, తిరిగి ఏమైనా అందామంటే అవతల మనిషి ఉండడు. ఆయనే మీకు వాయిస్‌లు పెట్టే మనిషైతే మాత్రం పెట్టండి. అప్పుడు "ఏం" అని మొదలుపెట్టొద్దు. "మామా, నమస్తే. ఇంట్ల అందరం మంచిగున్నం. మీ పానం ఎట్లున్నదో అడుగుదామని." అందరూ బాగున్నారన్నది ముందు రావాలి, కుశలం అడగడం తర్వాత. ఇంట్లో మీరు ఆయన్ని "నువ్వు" అనేటట్టయితే "నీ పానం" అనే అనండి, వాయిస్ కోసం కొత్తగా "మీరు" తెచ్చిపెట్టొద్దు, అలిగాడేమో అనుకుంటాడు. చెవులు మందగించాయని గట్టిగా అరవొద్దు. వయసుతో ముందు పోయేది సన్నటి శబ్దాలు వినడం, అరిస్తే గొంతు ఇంకా సన్నబడుతుంది, ఫోన్ స్పీకర్‌లో పగిలిపోతుంది కూడా. అదే గొంతు కొంచెం కిందికి దించి, మాటకూ మాటకూ మధ్య సందివ్వండి. వాయిస్‌కు ముందు "ఊకనే మామా, అంతా మంచిదే" అని ఒక ముక్క టైప్ చేసి పెడితే ఆయన భయపడకుండా నొక్కుతాడు. దోస్తుకు ఆ ముక్క అవసరం లేదు.

మీరడగలేదు గానీ ఒకటి. తరగతిలో చదివిన ఆడపిల్లలకు ఈ పద్ధతిలో పెట్టొద్దు. అత్తగారింట్లో నలుగురి మధ్య ఒక మగగొంతు "ఊకనే చేసిన" అని స్పీకర్‌లో మోగితే, ఆ "ఊకనే"కు జవాబు చెప్పుకోవాల్సింది ఆమె. అక్కడ టైప్ చేసిన హాయే మర్యాద.

దోస్తు దగ్గర్నుంచి తిరుగు వాయిస్ వచ్చినప్పుడు మొదట ఫోన్ చెవికి ఆనించి వినండి. వెనక మగ్గాల మోత ఉంటుంది, నాలుగు సెకన్లే ఉండొచ్చు, "ఆఁ రా, మంచిగున్న" అని ఉండొచ్చు. దానికి వెంటనే రెండు నిమిషాల వాయిస్ పెట్టకండి. వాడి నాలుగు సెకన్లకు మీ ఎనిమిది సెకన్లు చాలు, అదీ మర్నాడు.